లెక్కకు రాని కళ్లు

స్వచ్ఛంద సేవాసంస్థ వెలువరించే వార్షిక నివేదికలో ముఖ్యంగా రెండు భాగాలుంటాయి. ఒకటి జమాఖర్చుల పట్టిక. దానిని చార్టర్డ్ అకౌంటెంటు పరిశీలించి సంతకం చేస్తాడు. లెక్క కుదరని చోట ఓచరు చూపమంటాడు. రెండవది సంవత్సరం పొడవునా జరిగిన పనిని మాటలలో వివరించే కథనం. దీనికి ఆడిటరు లేడు. ఇందులో దేనిని చేర్చినా, దేనిని విడిచినా సంజాయిషీ అడిగేవారు సాధారణంగా ఉండరు. కాని విరాళమిచ్చేవారు, సంస్థలో పనిచేసేవారు ఎక్కువగా చదివేది ఈ భాగాన్నే. మరుసటి సంవత్సరం డబ్బు ఎక్కడికి పోవాలో, ఏ లోపాన్ని సరిదిద్దాలో నిర్ణయమయ్యేది కూడా చాలావరకు దీనిని బట్టే.

కంటి ఆసుపత్రులు నడిపే సంస్థల నివేదికలలో తరచుగా ఇటువంటి వాక్యం ఒకటి కనిపిస్తుంది: "ఈ సంవత్సరం మా సంస్థ 800 మంది అంధులకు చూపు ప్రసాదించింది." అంకె మారవచ్చు, వాక్యం మారదు. వినడానికి నిండుగా ఉన్న ఈ మాటలో మూడు వేర్వేరు లెక్కలు కలిసిపోయి ఉన్నాయి. ఎన్ని ఆపరేషన్లు జరిగాయన్నది ఒకటి. అవి ఎందరు మనుషులకు జరిగాయన్నది మరొకటి. ఎన్ని కళ్లకు నిజంగా చూపు వచ్చిందన్నది మూడవది. నిజాయితీగా కథనం రాయడమంటే ఈ మూడింటిని విడదీసి, ఏది తెలుసో, ఏది తెలియదో పాఠకునికి కనిపించేలా అమర్చడం.

ఆపరేషను వేరు, చూపు వేరు

మన దేశంలో జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం 1976లో ఆరంభమైంది. ఆ రోజులలో బడులలోను, సత్రాలలోను ఏర్పాటు చేసే కంటి శిబిరాలలో శుక్లం పట్టి మసకబారిన కటకాన్ని తీసివేసి, దానికి బదులుగా దళసరి అద్దాల కళ్లజోడు ఇచ్చేవారు. ఆ జోడు పగిలినా, పోయినా రోగికి మళ్లీ చీకటే. శిబిరం రిజిస్టరులో మాత్రం అతని ఆపరేషను జయప్రదంగానే నిలిచి ఉండేది. తరువాతి కాలంలో కంటిలోపలనే కృత్రిమ కటకాన్ని అమర్చే పద్ధతి వ్యాపించింది. ప్రపంచబ్యాంకు సహాయంతో 1994 నుంచి 2002 వరకు ఆంధ్రప్రదేశ్‌తో సహా ఏడు రాష్ట్రాలలో శుక్లం ఆపరేషన్లు పెద్ద ఎత్తున సాగాయి. స్వచ్ఛంద ఆసుపత్రులకు ప్రభుత్వ గ్రాంటు ఆపరేషనుకు ఇంత అని ముట్టే ఏర్పాటు ఉండడం వలన, నివేదికలలో లెక్క కూడా సహజంగా ఆపరేషన్లదే అయింది.

ఆ ఆపరేషన్ల అనంతరం జనం ఎలా చూస్తున్నారో తెలుసుకోవడానికి ఆసుపత్రి రిజిస్టరు చాలదు, ఇళ్లకు వెళ్లాలి. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ పరిశోధకులు ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనంలో భాగంగా 1996–97లో ఆ పని చేశారు. నగరంలోని వివిధ ప్రాంతాల నుంచి ఎంపిక చేసిన ప్రజలను పరీక్షించినప్పుడు, అంతకుముందు ఎక్కడెక్కడో శుక్లం ఆపరేషను జరిగి ఉన్న కళ్లలో సుమారు ఐదింట ఒకదానికి 6/60 చూపు కూడా లేదని తేలింది. 6/60 అంటే మామూలు కన్ను 60 మీటర్ల దూరం నుంచి గుర్తించగలిగే అక్షరాన్ని 6 మీటర్ల దగ్గరకు వస్తే గాని గుర్తించలేకపోవడం. ఏదో ఒక ఆసుపత్రి లెక్కలో ఆ కళ్లు కూడా "చూపు ప్రసాదించిన" కళ్లే అయి ఉండాలి.

ఈ తేడాను కొలవడానికి ఒక ప్రమాణం ఉన్నది. ఆపరేషను తరువాత, రోగి మామూలుగా వాడే జోడుతోనే, లేదా జోడు లేకపోతే ఉత్త కంటితోనే, 6/18 వరకు చూడగలిగితే మంచి ఫలితం. 6/60 కూడా చూడలేకపోతే చెడు ఫలితం. ఈ రెండింటికి నడుమ ఉన్నది మధ్యస్థం. కనీసం 80 శాతం కళ్లకు మంచి ఫలితం రావాలని, చెడు ఫలితం 5 శాతానికి లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్యసంస్థ 1998లో సూచించింది. ఇటీవల గీత పైకి జరిగింది. 2021లో ప్రపంచ దేశాలు ఆమోదించిన లక్ష్యాలలో మంచి ఫలితానికి 6/12ను గీటురాయిగా తీసుకుంటున్నారు. అందువలన ఏ గీతతో కొలిచారో నివేదికలో చెప్పడం తప్పనిసరి. ఈ ఏడు గీత మార్చినట్లయితే నిరుటి అంకెను కూడా కొత్త గీతతో లెక్కగట్టి పక్కన వేయాలి. లేకపోతే పని అదే అయినా అంకె మారి, పాఠకుడు దానిని ప్రగతి అనో పతనం అనో పొరబడతాడు.

భాగహారంలో దాగిన మోసం

ఒక చిన్న జిల్లా కేంద్రంలో ధర్మ కంటి ఆసుపత్రి ఉన్నదని ఊహించుకోవచ్చు. దాని కార్యదర్శి మార్చి నెలాఖరుకు రిజిస్టర్లు ముందు వేసుకుని కథనం రాయడానికి కూర్చున్నది. ఇక్కడ చెప్పే అంకెలు ఏ ఆసుపత్రివీ కావు. లెక్క నడిచే తీరు తెలియడానికి కల్పించినవి.

ఆ సంవత్సరం శుక్లం ఆపరేషన్లు 800. రిజిస్టరును పేర్ల వారీగా చూస్తే మనుషులు 720 మందే. వారిలో 80 మందికి రెండు కళ్లకూ జరిగింది. ఇది మొదటి సవరణ: "800 మంది" కాదు, "720 మందికి 800 కళ్లు".

ఆరు వారాల తరువాత మళ్లీ పరీక్షకు రావలసిందిగా అందరికీ చెప్పి పంపారు. 500 కళ్ల పరీక్ష జరిగింది. వాటిలో 400 మంచి ఫలితం, 70 మధ్యస్థం, 30 చెడు. నాలుగు వందలను అయిదు వందలతో భాగిస్తే 80 శాతం వస్తుంది; ప్రమాణానికి సరిపోతుంది. చాలా నివేదికలలో కలం ఇక్కడ ఆగుతుంది. "మా ఆపరేషన్లలో 80 శాతం జయప్రదం" అని రాస్తారు. కాని ఆపరేషన్లు జరిగింది అయిదు వందల కళ్లకు కాదు, ఎనిమిది వందల కళ్లకు. మిగిలిన 300 కళ్లు ఏమయ్యాయో ఆ వాక్యం చెప్పదు. ఉన్నాయని కూడా చెప్పదు.

తిరిగి రానివారు రెండు విధాల వారు కావచ్చు. చూపు బాగా వచ్చి, కూలి పోగొట్టుకుని మళ్లీ బస్సెక్కడం ఎందుకని ఊరుకున్నవారు కొందరు. చూపు రాక, ఆ ఆసుపత్రి మీద ఆశ వదులుకున్నవారు కొందరు. వీరిలో ఎవరెక్కువో గదిలో కూర్చుని ఊహించడం సాధ్యం కాదు. ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికాలలోని పలు ఆసుపత్రులను చేర్చి చేసిన ఒక పెద్ద అధ్యయనం 2013లో వెలువడింది. తమంతట తాము తిరిగి వచ్చినవారి ఫలితాలను బట్టి కూడా ఆసుపత్రిలో ఆపరేషన్ల నాణ్యతను సరిగానే అంచనా వేయవచ్చునని అది తేల్చింది. ఇది ఊరటనిచ్చే మాటే. అయినా పలు ఆసుపత్రుల మీద కలిపి తేలిన విషయం తన ఆసుపత్రికి కూడా వర్తిస్తుందని కార్యదర్శి ముందే అనుకోవడానికి వీలులేదు.

కనీసం చేయవలసిన పని, హద్దులు రెండూ చెప్పడం. రాని 300 కళ్లూ బాగున్నాయనుకుంటే మంచి ఫలితం 800లో 700, అంటే నూటికి 87కు పైన. ఒక్కటీ బాగులేదనుకుంటే 400, అంటే నూటికి 50. నిజం ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉన్నది. ఇంత వెడల్పయిన సందును చూసిన పాఠకుడు ఆసుపత్రి పనిని శంకించవచ్చు. కాని అతడు శంకించేది నిజంగా ఉన్న అనిశ్చయాన్నే.

అంతకన్నా మంచి మార్గం కొందరిని ఇంటికి వెళ్లి చూడడం. కార్యదర్శి ఆ 300 కళ్ల పేర్ల నుంచి 60 చీటీలు తీయించింది. దగ్గర ఊళ్లను, తెలిసినవారిని ఏరుకోకుండా చీటీలు వేయడంలోనే దీని విలువ ఉన్నది. ఆరోగ్య కార్యకర్త ఆరు మీటర్ల తాడు, చదువురానివారికి పనికివచ్చే చూపు పట్టిక పట్టుకుని ఊళ్లు తిరిగాడు. రెండు కళ్ల తాలూకు వారు మరణించారు, నాలుగింటివారు వలసపోయారు, 54 కళ్లు దొరికాయి. వాటిలో 36 మంచివి, 10 మధ్యస్థం, 8 చెడు. మూడింట రెండు వంతులు బాగున్నాయన్నమాట. ఆ పాళ్లను 300కు అన్వయిస్తే సుమారు 200 కళ్లు బాగున్నట్లు. వచ్చినవాటిలోని 400ను కలిపితే 800లో 600, అంటే 75 శాతం. చూసినవి 54 మాత్రమే గనుక ఈ అంకె అటూ ఇటూ కదులుతుంది; 70కి 80కి మధ్య ఉండవచ్చునని చెప్పడం న్యాయం. చెడు ఫలితం కూడా అదే విధంగా లెక్కిస్తే సుమారు 9 శాతం. ప్రమాణం అనుమతించే 5 కంటె ఎక్కువ.

ఈ పని వలన "80 శాతం జయప్రదం" అన్న వాక్యం పోయి, "నాలుగింట మూడు" అన్న వాక్యం వచ్చింది. అంకె తగ్గింది. కాని ఇప్పుడు అది ఆపరేషను చేయించుకున్న అందరినీ గురించి చెబుతున్నది.

డాక్టరుగారి అంకె, రోగి అంకె

చిత్తుప్రతి చూసిన పెద్ద డాక్టరుగారికి ఇది నచ్చలేదు. పరీక్షకు వచ్చిన 500 కళ్లలో సరిగా కనిపించని 100 కళ్లకు అద్దాలు మార్చి మార్చి పెట్టి చూస్తే 55 కళ్లు మంచి ఫలితం గీత దాటాయి. నాలుగు వందలకు వాటిని కలిపితే 455. అంటే 91 శాతం.

"తొంభై ఒకటి రాయండమ్మా," అన్నారాయన. "కత్తి పని ఎలా ఉన్నదో చెప్పేది అదే. జోడు లేకపోవడం ఆపరేషను తప్పు కాదు గదా?"

"కాదు డాక్టరుగారూ. మీ పనికి అది సరయిన కొలతే," అన్నది కార్యదర్శి. "కాని మనం పెట్టి చూసిన అద్దాలు మన దగ్గరే ఉండిపోయాయి. వాళ్లు ఇంటి దగ్గర చూసేది ఆ అద్దాలు లేని చూపే. ఆ 55 మందిలో జోడు ముట్టింది ఎందరికని మన దుకాణం పుస్తకం తీయించాను. ముప్ఫై నలుగురికి."

ఆయన కాసేపు ఊరుకుని, "అయితే రెండూ వేయండి. ఏది ఏమిటో తెలిసేలా వేయండి," అన్నారు.

ఇద్దరి మాటా సరైనదే. తగిన అద్దాలు పెట్టినప్పటి చూపు ఆపరేషను నాణ్యతను తెలుపుతుంది. ఉన్నది ఉన్నట్టుగా రోగి చూసే చూపు అతని బ్రతుకును తెలుపుతుంది. మొదటిదాన్నే అచ్చువేస్తే జోడు అందని 21 మంది కథనం నుంచి జారిపోతారు. వారికి కావలసింది మళ్లీ ఆపరేషను కాదు. తక్కువ ఖర్చుతో అయ్యే కళ్లజోడు. అంకెలు విడదీయకపోతే ఈ సంగతి ఎవరి కంటా పడేది కాదు. బడ్జెటులో దానికి పద్దు కూడా ఏర్పడేది కాదు.

అద్దాలతో కూడా బాగుపడని 45 కళ్లకు కారణాలు విడిగా రాయాలి. ఊహించుకున్న ఈ ఆసుపత్రిలో 25 కళ్లకు రెటీనాలోనో, కంటినరంలోనో పాత జబ్బు ఉన్నది. 20 కళ్లకు ఆపరేషను సమయంలోనో, తరువాతనో చిక్కులు వచ్చాయి. ఈ రెండింటినీ ఒకే రాశిగా పోస్తే రెండు విధాల నష్టం. ఆపరేషనులో దొర్లిన లోపాలు పాత జబ్బుల చాటున దాగిపోతాయి. అంతకన్నా పెద్ద ప్రమాదం మరొకటి ఉన్నది. శాతం పడిపోతుందన్న భయంతో వైద్యులు కష్టమైన కళ్లను అసలు తీసుకోకుండా తిప్పి పంపడం మొదలుపెట్టవచ్చు. పాత జబ్బు ఉన్న కన్ను పూర్తిగా బాగుపడదు. కాని శుక్లం తీస్తే ఎదుటి మనిషి ఆకారం తెలియవచ్చు, వాకిట్లోకి తడుముకోకుండా నడవవచ్చు. ఆ లాభం 6/18 గీతకు అందదు. అందువలన ఆపరేషనుకు ముందు ఎంత చూపు ఉన్నదో కూడా చెప్పాలి. వేలు లెక్కపెట్టలేని స్థితి నుంచి 6/60కు వచ్చిన కన్నుకు దక్కినది, పట్టికలో "మధ్యస్థం" అన్న మాట సూచించేదానికన్నా చాలా ఎక్కువ.

ఒక మనిషి కథ

కథనంలో ఒక లబ్ధిదారు గురించి రాయడం ఆచారం. సాధారణంగా అందరిలోకి ఎక్కువ బాగుపడినవారిని ఏరి, బొమ్మ తీసి, వారి చేత కృతజ్ఞతలు చెప్పిస్తారు. ఆ మాటలు అబద్ధం కాకపోవచ్చు; కాని నూరుమందిలో ఒకరికి జరిగినది అందరికీ జరిగినట్లు పాఠకునికి తోస్తుంది. దీనికి తేలికైన విరుగుడు రెండు పనులు. మొదటిది, మనిషిని కూడా చీటీ వేసి ఎంచుకోవడం, లేదా బాగుపడినవారిని ఒకరిని, పడనివారిని ఒకరిని తీసుకోవడం. రెండవది, ఆపరేషనుకు ముందే ప్రతివారినీ ఒక ప్రశ్న అడిగి రాసి ఉంచడం: "చూపు లేనందువల్ల చేసుకోలేకపోతున్న పని ఏది?" బియ్యంలో రాళ్లేరడం అని ఒకరు, పొలం గట్టు మీద నడవడం అని ఒకరు, చిల్లర లెక్కపెట్టుకోవడం అని ఒకరు చెబుతారు. ఆరు వారాల తరువాత అదే ప్రశ్న అడిగి, జవాబును అదే కాగితం మీద రాయాలి. ముందు అడగకుండా చివరకు మాత్రమే అడిగితే, పెద్దవాళ్లు మర్యాద కొద్దీ, ఉచితంగా చేసినవారిని నొప్పించడం ఇష్టంలేక, అంతా బాగుందనే అంటారు.

పేరు, బొమ్మ వేయడానికి అనుమతి ఆ మనిషికి అర్థమయ్యే భాషలో అడగాలి. రెండవ కంటి ఆపరేషను ఇంకా ఆ ఆసుపత్రిలోనే జరగవలసి ఉన్నవారిని అడిగితే వారు కాదనలేరు. అటువంటి వారిని వదిలివేయడమో, పేరు, ఊరు తీసివేయడమో మేలు. తీసివేసినప్పుడు ఆ సంగతి కూడా నివేదికలో చెప్పాలి.

కార్యదర్శి చీటీలో ఒక వృద్ధురాలు వచ్చిందనుకోవచ్చు. ఆమె కోరిన పని సూదిలో దారం ఎక్కించడం. ఆపరేషను బాగా జరిగింది. దూరపు చూపు 6/18. వీధి చివర నుంచి వచ్చే మనవణ్ణి గుర్తుపడుతున్నది. కాని కృత్రిమ కటకం దూరపు చూపుకు కుదిర్చేది గనుక దగ్గరి పనికి వేరే జోడు కావాలి. ఆ జోడు ఆమెకు ఇవ్వలేదు. సూదిలో దారం మనవరాలే ఎక్కిస్తున్నది. పట్టికలో ఆమె "మంచి ఫలితం". ఆమె కాగితం మీద, అడిగిన పనికి ఎదురుగా, "ఇంకా లేదు" అని ఉన్నది. ఈ రెండూ నిజమే. రెండూ అచ్చు కావాలి.

చివరకు నిలిచిన వాక్యాలు

పాత వాక్యం స్థానంలో కార్యదర్శి రాసినది ఇది:

"ఈ సంవత్సరం 720 మందికి, మొత్తం 800 కళ్లకు శుక్లం ఆపరేషన్లు చేశాము. ఆరు వారాల తరువాత 500 కళ్లు పరీక్షకు వచ్చాయి. రాని 300 నుంచి చీటీలు తీసి 60 కళ్ల కోసం ఇళ్లకు వెళ్లగా 54 దొరికాయి. ఈ రెండింటినీ బట్టి, రోగులు ఉన్నది ఉన్నట్టుగా చూసే చూపులో 6/18 గాని అంతకు మించి గాని చూడగలిగేవి సుమారు నాలుగింట మూడు కళ్లని మా అంచనా. సుమారు 9 శాతం కళ్లకు 6/60 చూపు కూడా లేదు. ఇది 5 శాతానికి లోపు ఉండవలసింది. పరీక్షకు వచ్చినవాటిలో తగిన అద్దాలు పెట్టి చూస్తే మంచి ఫలితం 91 శాతం. అద్దాలు అవసరమని తేలిన 55 మందిలో 34 మందికే ఇవ్వగలిగాము. ఇరవై కళ్లకు ఆపరేషనులోనో, తరువాతనో చిక్కులు వచ్చాయి. వాటి కారణాలు తరువాతి పుటలో ఉన్నాయి."

ఇందులో "ప్రసాదించాము" అన్న మాట లేదు. "అంధులు" అన్న మాట కూడా లేదు. ఆపరేషనుకు వచ్చినవారందరూ అంధులు కారు, ఒక కన్ను బాగా కనిపించేవారు కూడా వారిలో ఉన్నారు. ఇటువంటి పేరా చదివి ఒకరిద్దరు దాతలు వెనుకాడవచ్చు. పక్క జిల్లా ఆసుపత్రి నూటికి నూరు అని అచ్చువేస్తే పోలిక కష్టం కలిగిస్తుంది. ఆ నష్టం లేదని చెప్పడానికి వీలులేదు. నిజాయితీగల నివేదిక చేయగలిగినదల్లా తన కొలతను, భాగించిన మొత్తాన్ని పాఠకుని ముందు పెట్టి, పక్క జిల్లా నూటికి నూరు ఎందరిని పరీక్షించి చెప్పిన మాటో అడగడానికి అతనికి దారి చూపడం.

తరువాతి సంవత్సరం నివేదిక ఎక్కడ మొదలు కావాలో కూడా ఈ పేరా నిర్ణయించింది. దాని మొదటి వాక్యంలో కొత్త ఆపరేషన్ల సంఖ్య ఉండదు. జోడు అందని ఆ 21 మందిలో ఎందరికి అందిందో ఉంటుంది.